సందేహం లేని బ్రాకెట్టు

బోధన్ దగ్గరి ఒక క్యాంపులో పెద్ద రైతు కుటుంబం ఒకటి, ముత్తాత పేరు మీద సంచిక వేయాలనుకుంది. బయటివాళ్లకు ‘క్యాంపు’ అంటే వేరే ఏదో తోస్తుంది గానీ, మా నిజామాబాద్ జిల్లాలో అది ఊరి పేరుకు తోక. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. కాలువ నీళ్లు పారతాయని తెలిసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల పొలాలు కొన్నారు. వాళ్లు దిగిన చోటల్లా ఒక క్యాంపు అయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టాక ఆ పొలాల్లోకి చెరకు వచ్చింది, బోధన్‌కు ఆనుకుని శక్కర్‌నగర్ వెలిసింది.

సంచిక వేయిస్తున్న మునిమనవడికి యాభై దాటాయి. మర్యాదస్తుడు. ముత్తాత స్వదస్తూరీతో రాసిన ఉత్తరం ఒకటి ఇంట్లో ఉందనీ, దాన్ని ఇప్పటివాళ్లు చదువుకునేలా తిరగరాసి పెట్టాలనీ అడిగారు. తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఇలాంటి పనులు నా దగ్గరికి వస్తుంటాయి. ఆ కాలపు సర్కారు కాగితాలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లవచ్చు, కానీ అక్కడ ఫార్సీ, ఉర్దూ రాజ్యమేలతాయి. మామూలు రైతు తెలుగు కావాలంటే ఇళ్లలోని ట్రంకుపెట్టెలే గతి.

ఉత్తరంలో ఏముందో వాళ్లింట్లో అందరికీ నోటికి తెలుసు. కృష్ణా జిల్లాలోనే ఉండిపోయిన తమ్ముడి మీద జాలిపడి ముత్తాత ఇక్కడ అర ఎకరం రాసిచ్చాడట. ఆ తమ్ముడి తరఫువాళ్లు ఏనాడూ ఇటు తొంగిచూడలేదట. “అర ఎకరం అంటే చిన్నమాటే గానీ సార్, మనసు చూడండి” అన్నారాయన.

ఆయన పంపిన మొదటి ఫొటో పనికిరాలేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మను నలిపి చిన్నది చేస్తుంది. వెలిసిన సిరాలో సన్నగా మిగిలిన గీతలు ముందుగా పోయేది అక్కడే. డాక్యుమెంటుగా పంపమన్నాను. ఫ్లాష్ వద్దన్నాను, అది కాగితం మధ్యలో తెల్లటి మచ్చ పెడుతుంది. కిటికీ పక్కన బల్ల మీద పరిచి, ఫోన్‌ను కాగితానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని ఒకసారి మొత్తం, తర్వాత నాలుగు ముక్కలుగా అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీయమన్నాను. మడతల దగ్గర మాత్రం వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడు సిరా పోయిన చోట కూడా పాళీ నొక్కిన గాడి కనిపించే అవకాశం ఉంటుంది.

వచ్చిన బొమ్మల్ని కంప్యూటర్లో పెట్టి రంగు తీసేసి కాస్త నలుపు పెంచాను. ఈ పని మితంగానే చేయాలి. ఎక్కువ పెంచితే మరకలు కూడా అక్షరాలైపోతాయి. ఈగ మచ్చ సున్నా అవుతుంది, వెనకవైపు నుంచి ఊరిన సిరా దీర్ఘమవుతుంది. అందుకే నలుపు పెంచిన బొమ్మలో ఏది కనిపించినా అసలు బొమ్మలో కూడా దాని జాడ ఉందో లేదో చూడందే నమ్మకూడదు.

తిరగరాయడం అంటే ఒకే రాత అనుకుంటారు. రెండు రాతలు చేయాలి. మొదటిది ఉన్నదున్నట్టు, వరుసకు వరుస, తప్పుకు తప్పు. రెండోది ఇప్పటి వర్ణక్రమంలో. మొదటిది లేకుండా నేరుగా రెండోదానికి పోతే, చేయి తనకు తెలిసిన మాటల్ని రాసేస్తుంది, కన్ను ఆ తర్వాత వాటిని కాగితం మీద చూసేస్తుంది.

ఈ పెద్దాయన రాతలో మాటల మధ్య ఖాళీ లేదు. ‘ఇక్కడ’ను ‘యిక్కడ’ అనీ, ‘ఒకటి’ని ‘వొకటి’ అనీ, ‘ఉన్నను’ను ‘వుంన్నను’ అనీ రాశాడు. వాడుకలో పోయిన అరసున్నలు, బండి ఱలు ఉన్నాయి. వీటిని మార్చడం తేలిక. మార్చకూడనివి వేరే ఉన్నాయి. ‘కొంటిని’ని ‘కొన్నాను’ చేయకూడదు, అది వర్ణక్రమం కాదు, ఆయన మాట. పొలానికి నీళ్లు వదిలే మనిషిని ‘నీరడి’ అన్నాడు. కృష్ణా జిల్లా మనిషి నోటికి ఏడాది తిరక్కుండానే ఈ నేల మాట పట్టుబడిందన్నమాట. దాన్నీ అలాగే ఉంచాను.

బ్రాకెట్లకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. కాగితం మీద లేకపోయినా నిస్సందేహంగా చెప్పగలిగిన అక్షరాలు బ్రాకెట్లో ఉంటాయి. చదివాను గానీ నమ్మకం లేదంటే పక్కన ప్రశ్న గుర్తు. రెండు రకాలుగా చదవగలిగితే రెండూ, మధ్యలో ‘లేక’. బొత్తిగా పోయిన చోట ఎన్ని అక్షరాలు పట్టేంత జాగా ఉందో ఆ సంఖ్య. తేదీలో సంవత్సరం పేరు మొదటి సగం చిరిగిపోయి ‘ధాన్య’ మాత్రమే మిగిలింది. అరవై సంవత్సరాల పేర్లలో అలా ముగిసేది ఒక్కటే. కాబట్టి ప్రశ్న గుర్తు అక్కర్లేకుండా ‘[బహు]ధాన్య’ అని రాశాను. మాసం కార్తీకం. అంటే 1938 అక్టోబరు, నవంబరు ప్రాంతం.

మునిమనవడికి ఈ బ్రాకెట్లు మొదటి నుంచీ నచ్చలేదు. “చదువుతుంటే కాళ్లకు రాళ్లు తగిలినట్టుంది సార్. మీరు పెద్దలు, ఏదో ఒకటి ఖాయం చేసి రాసేయండి” అన్నారు. ఖాయం చేయడానికి నేనెవరినండీ, రాసినాయన లేడు, చదివినాయన లేడు అన్నాను. సరే, ఉంచండి అన్నారు.

అసలు చిక్కు ఉత్తరం నడిమి మడతలో వచ్చింది. వాళ్లు ‘అర ఎకరం’ అని చెప్పుకునే మాట అక్కడే ఉంది.

పాత రాతలో వలపలగిలక అని ఒకటి ఉండేది. రేఫ పలకడంలో హల్లుకు ముందు వచ్చినా, రాయడంలో దాని గుర్తు హల్లు తర్వాత వచ్చేది. సర్కారును ‘సకా౯రు’ అనీ, ఖర్చును ‘ఖచు౯’ అనీ రాసేవారు. ఆ గుర్తు, తెలుగు అంకె తొమ్మిది చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మడత దగ్గర కాగితం మీద ఉన్నది ఇదీ: ముందు ‘అ’, దాని కుడి కొస మడత చినుగులో పోయింది. తర్వాత చిన్న ఖాళీ. తర్వాత ‘౯’. తర్వాత ‘యకరము’, ఆపైన అంచు చిరిగింది. తరువాతి వరుసలో ‘నీ’, దాని వెంట నీళ్లు తగిలి అలుక్కుపోయిన ఒక అక్షరం.

మడతలో పోయింది ‘ధ’ అయితే అది ‘అధ౯ యకరము’. అర్ధ ఎకరం, నీది. పోయింది అక్షరం కాక ‘ఆ’ తాలూకు తోకే అయితే అది ‘ఆ ౯ యకరములు’. ఆ తొమ్మిది ఎకరాలు, నీవి.

ఇలాంటి చోట ఊహించకూడదు, ఆ మనిషి చేతినే సాక్ష్యం అడగాలి. ఉత్తరంలో ‘సకా౯రు’, ‘ఖచు౯’, ‘తూపు౯’ స్పష్టంగా ఉన్నాయి. వాటిలో వలపలగిలక చిన్నది, పాళీ ఎత్తకుండా ముందు అక్షరం తోకలోంచే పైకి లేచింది. మడత దగ్గరిది నిండు ఎత్తున నిలబడి ఉంది, ఎడమవైపు దేనికీ అంటుకోలేదు. పక్క వెలుగులో తీసిన బొమ్మలో మడత జాగా కొలిచి చూస్తే ఆయన రాసే ‘ధ’ అందులో పట్టదు. అయినా ఆకారాన్ని బట్టి తీర్పు చెబితే ఎవరైనా కాదనవచ్చు. వెలిసిన సిరాలో ఎత్తూ పొడవూ మోసం చేస్తాయి.

కాదనలేనిది లెక్క. అది పై వరుసల్లోనే ఉంది.

తమ్ముడు పంపిన కల్దారు రూపాయలు 270కి ఇక్కడ హాలీ రూపాయలు 315 వచ్చాయని రాశాడు. కల్దారు అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి, హాలీ అంటే నిజాం రూపాయి. కల్దారు 100 పెడితే హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు వచ్చేవి. అంటే ఆరుకు ఏడు. 270ని ఆరుతో భాగించి ఏడుతో హెచ్చవేయండి, సరిగ్గా 315. రెండు అంకెలూ సరిగ్గానే చదివానని అక్కడ రూఢి అయింది. ఆ కింద ఎకరానికి ముప్పై చిల్లర చొప్పున కొన్నానన్నాడు. చిల్లర అంకె సగం చెరిగింది, ఐదులా ఉంది. పైకం సరిపోయిందన్నాడు. ముప్పై ఐదు తొమ్ములు మూడు వందల పదిహేను. అదే అర ఎకరమైతే పదిహేడున్నర రూపాయలకు తేలిపోతుంది, మిగతా దాదాపు మూడు వందలు ఏమయ్యాయో చెప్పాలి. ఉత్తరంలో చెప్పలేదు, చెప్పాల్సినంత మిగల్లేదు గనక.

అలా ఆ భాగం ఇప్పటి వర్ణక్రమంలో ఇలా వచ్చింది:

“నీవు పంపిన కల్దారు రూ. 270 లకు ఇక్కడ హాలీ రూ. 315 అయినవి. ఎకరము ఒకటికి రూ. 3[5?] చొప్పున సర్కారు కాలవకు తూర్పున కొంటిని. పైకము సరిపోయినది. [ఆ 9 లేక అర్ధ?] ఎకరము[లు] నీ[వి లేక ది?]. పట్టా నా పేర ఉన్నను సొత్తు నీదే. నీవు వచ్చిన దినమున అప్పగింతును.”

బ్రాకెట్లో మొదట రాసిందే నా ఓటు అని, ఎందుకో కింద నాలుగు వాక్యాల్లో రాశాను. నా నమ్మకం ఎంత గట్టిదైనా రెండో పాఠాన్ని తీసేయలేదు. కాగితం మీద చినుగు ఉన్నంతకాలం అచ్చులోనూ ఉండాలి.

ఇది ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. జాలిపడి ఇచ్చిన అర ఎకరం కాస్తా తమ్ముడి డబ్బుతో కొన్న తొమ్మిది ఎకరాలుగా తేలితే ఏ ఇంటికైనా కష్టమే. ఫోన్లో లెక్కంతా విన్నారు. కాసేపు మాట లేదు. కోపమొచ్చిందేమో అనుకుంటుండగా ఒక్కసారి గొంతు పెంచారు.

“సార్, ఇది ఇంకా బాగుంది! పట్టా తన పేరున ఉంది, అడిగేవాడు లేడు. అయినా సొత్తు నీదే అని రాసిచ్చాడు చూడండి! అర ఎకరం దానం చేసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఇంత నిజాయితీ ఎవరికుంటుంది? సంచికకు పేరు కూడా దొరికింది, ‘మాట మీద నిలిచిన మనిషి’ అని పెడదాం. ఈ బ్రాకెట్లు కూడా ఉంచేయండి. చూసేవాళ్లకు మనం ఎంత పరిశోధించామో తెలుస్తుంది.”

ఆ తొమ్మిది ఎకరాలూ ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగాను.

“మా చేతిలోనే సార్. ఏంచేస్తాం? పెద్దాయన అంత స్పష్టంగా ఉత్తరం రాసినా వాళ్లు రాలేదు. నీళ్లున్న భూమి, బీడు పెట్టలేం కదా. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చెరకు వేశాం. 2002లో ప్రైవేటువాళ్లకు ఇచ్చారు, 2015 డిసెంబరులో మూతే పడింది. ఆ తర్వాత వరి. రోడ్డు పక్క ముక్క కాస్త ప్లాట్లు చేశాం. వాళ్లు ఎప్పుడొచ్చినా అన్నం పెట్టి పంపేవాళ్లమే సార్, రాందే ఏం చేస్తాం?”

ఉత్తరం పైన రెండు వాక్యాల పరిచయం పెట్టడం ఆనవాయితీ. ఎవరు, ఎవరికి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎప్పుడు. తమ్ముడి పేరు ఉత్తరంలో ఉంది గానీ ఊరి పేరు లేదు. ఉత్తరంతోపాటు కవరు ఏమైనా ఉందా అని అడిగాను. ఉండొచ్చు, చూస్తానన్నారు. రెండుసార్లు గుర్తుచేశాను. సంచిక ప్రెస్సుకు పోయే రోజు సాయంత్రం పంపారు, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఈసారి నేను చెప్పకుండానే డాక్యుమెంటుగా, కిటికీ వెలుగులో, చక్కగా తీసి పంపారు.

ఇంత శుభ్రమైన రాత ఆ ఇంట్లో నేను చూడలేదు. ఉత్తరమంతా వెలిసిపోయినా కవరు మీది చిరునామా నిన్న రాసినట్టుంది. తమ్ముడి పేరు, ఇంటిపేరు, గ్రామం, తాలూకా, కృష్ణా జిల్లా. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగనక్కర్లేదు. పైన కుడి మూల బిళ్ల లేదు. బిళ్ల ఊడిన జిగురు మరక కూడా లేదు. తపాలా ముద్ర ముందూ లేదు, వెనకా లేదు. వెనకవైపు కవరు నోటికి పూసిన జిగురు ఇప్పటికీ మెరుస్తోంది, తడి తగల్లేదు.

నకలు దాచుకున్నాడేమో అని ఆలోచించాను. నకలుకు ఎవరూ సంతకం చేసి, మడిచి, చిరునామా రాసిన కవర్లో పెట్టరు. మనిషి చేత పంపాడేమో అనుకున్నాను. అలా పంపితే అది కృష్ణా జిల్లాలో ఏదో ఒక పెట్టెలో ఉండాలి, బోధన్ పక్క క్యాంపులో ఉండకూడదు.

పరిచయంలో ఊరి పేరు చేర్చాను. చివర పన్నెండో బ్రాకెట్టు పెట్టాను: [కవరు మీద చిరునామా పూర్తిగా ఉంది. బిళ్ల అంటించలేదు, తపాలా ముద్ర లేదు, కవరు మూయలేదు.]

అరగంటలో ఫోను వచ్చింది. ఆయన గొంతులో కోపం లేదు, తొట్రుపాటు లేదు.

“నిజాం బిళ్లలు ఆ రాజ్యం దాటితే చెల్లేవి కాదంట కదా సార్, ఇంగ్లీషువాళ్ల బిళ్లే కావాలి. అప్పుడు దొరకలేదేమో.”

“అయ్యుండొచ్చు” అన్నాను.

“దొరికాక వేద్దామనుకుని ఉంటారు.”

“అదీ అయ్యుండొచ్చు.”

కాసేపాగి అడిగారు. “సార్, బ్రాకెట్లు సందేహం ఉన్నచోటే కదా పెట్టేది?”

“ఎక్కువగా అంతే.”

“మరి ఈ చివరిదాంట్లో సందేహమేముంది? తీసేయండి.”

సంచిక సంక్రాంతికి వచ్చింది, ఆర్టు పేపరు మీద. ఉత్తరం ఫొటో, పక్కనే నా పాఠం, పదకొండు బ్రాకెట్లతో. కవరు ఫొటో వేయలేదు. కృష్ణా జిల్లాలోని ఆ ఊరి పేరు మాత్రం పరిచయంలో అలాగే ఉంది. ఆ ఊళ్లో వాళ్ల ఇంటిపేరుతో ఇప్పటికీ మూడు కుటుంబాలున్నాయి, ఒక్కరికీ సంచిక పంపలేదు.